అమార్టైజేషన్ షెడ్యూల్‌ని తెలుగులో ఏమనాలి?

సుజాత: మా ఇంటి లోన్‌లో నాన్న పేరు కూడా ఉంది. ఏడాది స్టేట్‌మెంట్ వచ్చింది, అంతా ఇంగ్లీషే. నన్ను చదివి చెప్పమన్నారు. పైన Amortisation Schedule అని ఉంది. నాకు మాట దొరకలేదు, "కట్టుబడి వివరాలు" అనేశాను. ఆయనకు అది చాల్లేదు. "నెలకి 26,992 చొప్పున పన్నెండు నెలలు కట్టాం కదా, మరి అసలు 56 వేల చిల్లరే తగ్గిందేమిటి? మిగతాది ఎటు పోయింది?" అని పట్టుకున్నారు. 30 లక్షల లోను, 9 శాతం వడ్డీ, 20 ఏళ్లు. ఆయనకి చెప్పడానికి ఒక తెలుగు మాట, దాని వెనకున్న లెక్క, రెండూ కావాలి.

కిరణ్: సింపుల్. బ్యాంకువాళ్లు ఇరవై ఏళ్ల వడ్డీ ముందే లాగేసుకుంటారు, అసలు తర్వాత చూస్తారు. అందుకే మొదట్లో అసలు అసలు తగ్గదు.

రామ్మూర్తి (రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి): కిరణ్ గారూ, తగ్గదన్నది దాదాపు నిజమే, కారణం మాత్రం తప్పు. ఇరవై ఏళ్ల వడ్డీని ఎవరూ ముందే తీసుకోరు. ఏ నెల వడ్డీ ఆ నెలదే, అదీ అప్పటికి మిగిలిన అసలు మీదే. సుజాతమ్మా, మీ కాగితంలో మొదటి మూడు వరుసలు ఇలా ఉంటాయి, సరిచూసుకోండి:

```
No  EMI     Interest  Principal  Balance
1   26,992  22,500    4,492      29,95,508
2   26,992  22,466    4,526      29,90,982
3   26,992  22,432    4,560      29,86,422
```

9 శాతం అంటే నెలకి నూటికి ముప్పావలా. 30 లక్షలకి ముప్పావలా వడ్డీ వేస్తే 22,500. కట్టిన 26,992లో ముందు అది పోతుంది, మిగిలిన 4,492 అసలుకి జమ. రెండో నెల అసలు ఆ మేరకు తగ్గింది కాబట్టి వడ్డీ 34 రూపాయలు తగ్గింది. ఆ 34 రూపాయలే అసలు గడిలోకి వెళ్లి 4,492ని 4,526 చేశాయి. పట్టికంతా ఇంతే. వాయిదా కదలదు, లోపలి గీత మాత్రం నెలనెలా జరుగుతుంది. మీ లోన్‌కి 149వ నెలలో గానీ అసలు వాటా వడ్డీని దాటదు. ఆఖరి వాయిదాలో వడ్డీ రెండు వందల రూపాయలు ఉంటుంది, అంతే.

మన ఊళ్లలో ప్రామిసరీ నోటు వెనక రాసుకున్నదీ ఇదే పద్ధతి. ముందు వడ్డీకి జమ, మిగిలింది అసలుకి చెల్లు.

పద్మజ: ఆ "చెల్లు" బాగుంది! అమార్టైజ్ అన్న మాట లాటిన్‌లో చావు అనే అర్థమున్న మాట నుంచి, ఫ్రెంచి మీదుగా వచ్చింది. అప్పుని కొంచెం కొంచెంగా చంపడం అన్నమాట. మార్ట్‌గేజ్‌లోనూ అదే చావు ఉంది. తెలుగులో మనం అప్పుని చంపం, తీరుస్తాం. సంస్కృతంలో కావాలంటే "రుణ విమోచన పట్టిక" అనొచ్చు.

యాదగిరి: విమోచన అంటే మా ఊళ్లో రుణమాఫీ వచ్చిందనుకుంటరు మేడం, రేపే బ్యాంకు ముందు లైన్ కడ్తరు. మా దిక్కు నెలనెలా కట్టేదాన్ని కిస్తు అంటం. "కిస్తుల పట్టిక" అంటే ముసలోళ్లకీ తెలుస్తది.

పద్మజ: కిస్తు అంటే వాయిదా మాత్రమే కదండీ. చిట్టీకీ కిస్తు ఉంటుంది, ఫ్రిజ్‌కీ ఉంటుంది. ఇందులో అసలైన విషయం వాయిదా కాదు, దాన్ని రెండుగా చీల్చడం.

హరిత: మా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఖర్చుని మూడేళ్లకి పంచి రాస్తే దాన్నీ అమార్టైజేషనే అంటాం. అక్కడ అప్పూ లేదు, వడ్డీ లేదు. దానికి కూడా పనికొచ్చే మాట ఉంటే చెప్పండి.

రామ్మూర్తి: అది వేరే గొడ్డు, హరిత గారూ. ఖాతాలో విలువని విడతలుగా కొట్టేయడం. ఒకే మాటతో రెండిటినీ కట్టేస్తే సుజాత గారి నాన్నగారు మళ్లీ మొదటికొస్తారు.

శ్రీను: నా కథ వినండి. బోనస్ వచ్చిందని రెండు లక్షలు లోన్ ఖాతాలో వేశాను. అసలు తగ్గుతుందిలే అని ధీమాగా ఉన్నా. నాలుగు నెలల తర్వాత చూస్తే Principal గడి మామూలుగానే నడుస్తోంది. నా డబ్బు రాబోయే వాయిదాల కింద అడ్వాన్సుగా పక్కన పెట్టారట! నేను పార్ట్ పేమెంట్ అని రాసి ఇవ్వలేదట. టెన్షన్ పడి బ్రాంచి చుట్టూ తిరిగాను. బ్యాంకు పేరు ఎందుకులెండి.

రామ్మూర్తి: ఇది స్టేట్‌మెంట్‌లో చూసి పట్టుకోవచ్చు. డబ్బు కట్టిన తర్వాతి వరుసలో Balance ఒక్కసారిగా కిందికి దూకాలి, Interest గడి కూడా దానితో తగ్గాలి. రెండూ మామూలుగా నడిస్తే మీ డబ్బు అసలుకి చేరలేదనే అర్థం.

సుజాతమ్మా, మీ నాన్నగారికి ఇది చూపించండి. మొదటి వాయిదాతో పాటే ఇంకో 4,526 అసలుకి కట్టారనుకోండి. అది సరిగ్గా రెండో వరుసలోని అసలు. ఆ వరుస మొత్తం ఎగిరిపోతుంది, దాంట్లోని 22,466 వడ్డీతో సహా. చివర్లో ఒక వాయిదా తగ్గుతుంది. మొదట్లో కట్టిన చిల్లరకి అంత బలం. పదిహేనో ఏట అంతే కడితే అంత ఎగరదు.

కిరణ్: అయితే నాకో డౌటు. నాది ఫ్లోటింగ్ రేటు. వడ్డీ పెరిగినా EMI పెరగలేదు, బ్యాంకే భరించిందనుకున్నా.

రామ్మూర్తి: భరించలేదు బాబూ, ఏళ్లు పెంచింది. సుజాత గారి లోన్‌కే మొదట్లో 9 నుంచి 9.5 అయి వాయిదా అలాగే ఉంటే, 240 నెలలు కాస్తా 269 అవుతాయి. అదే 10.8 అయితే మొదటి నెల వడ్డీయే 27,000. వాయిదా 26,992. ఎనిమిది రూపాయలు వడ్డీకే చాలవు, అవి వెళ్లి అసలుకి తోడవుతాయి. కడుతున్న కొద్దీ అప్పు పెరుగుతుంది. ఇంగ్లీషులో దీన్ని నెగటివ్ అమార్టైజేషన్ అంటారు. గడువు పొడిగించినా అప్పు ఈ స్థితికి రాకూడదని 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు చెప్పింది. రేటు మారినప్పుడు వాయిదా పెంచాలా, గడువు పెంచాలా అన్నది అప్పు తీసుకున్నవాడు ఎంచుకోవచ్చు. మూడు నెలలకోసారి ఇచ్చే స్టేట్‌మెంట్‌లో ఇంకా ఎన్ని వాయిదాలున్నాయో కూడా ఉండాలి. మీరు ఆ అంకె చూడండి, EMI కాదు.

పద్మజ: చెల్లుకి వ్యతిరేకం ఏమిటి మరి? "ఎదురు చెల్లు" అంటే?

యాదగిరి: "పెరుగు బాకీ" అనుండ్రి. ఎదురు చెల్లు అంటే బ్యాంకే మనకి కడ్తున్నట్టుంది.

పద్మజ: పెరుగు అంటే అన్నంలోకి గుర్తొస్తుందండీ.

హరిత: నా సాఫ్ట్‌వేర్ సంగతి వదిలేశారు.

సుజాత: అందరికీ థాంక్స్. "చెల్లు పట్టిక" అన్నాను, నాన్న వెంటనే అందుకున్నారు. "మా నాన్న నోటు వెనక రాయించేవాడు" అన్నారు. ఇరవై ఏళ్లకి మొత్తం వడ్డీ 34 లక్షల 78 వేలు అని చదివితే, "బ్యాంకుకి కూడా అసలు కంటే వడ్డీయే ముద్దన్నమాట" అని నవ్వి, పెన్సిల్ తీసుకుని పద్నాలుగో వరుస కొట్టేశారు. ఆ గడిలో అసలు ఎంతుందో అంత ఈ నెల వాయిదాతో కలిపి కట్టమంటున్నారు. పార్ట్ పేమెంట్ అని రాసివ్వడం మాత్రం మర్చిపోను, శ్రీను గారూ.