“చెయ్యను” అనకుండా ఎలా తప్పించుకోవాలి?

పద్మజ: ఆఫీసు గ్రూపులో ఈ వారం నేను పెట్టిన జవాబులు ఇవి. తన రిపోర్టు నన్ను పూర్తి చెయ్యమన్నాయనకి “నేను చెయ్యను.” ఇంకో సెక్షన్ లెక్కలు చూడమన్నావిడకి “అది నా పని కాదు.” లాగిన్ పాస్‌వర్డ్ అడిగినతనికి “ఇవ్వను.” మరీ కటువుగా ఉన్నాయంటున్నారు. ఒప్పుకోకుండానే మర్యాదగా ఎలా రాయాలి?

రఘు: చివర “అండి” తగిలించండి, ముందు “సారీ” పెట్టండి. అయిపోయింది.

వెంకటరమణ: “సారీ, నేను చెయ్యనండి” అని పైకి చదివి చూడండి రఘు గారూ. ఇంకా ఎక్కువ గుచ్చుకుంటుంది. “చెయ్యను” అంటే నాకిష్టం లేదని. “చెయ్యలేను” అంటే నా చేతిలో లేదని. “కుదరడం లేదు” అన్నప్పుడు మనిషి పక్కకి తప్పుకుంటాడు, అడ్డం పరిస్థితిదవుతుంది. రిపోర్టుకి ఇలా రాస్తాను: “ఈ రోజు నా పనే సాయంత్రం దాకా ఉందండి, మీ రిపోర్టు చూడటం కుదరడం లేదు. ఏ భాగం దగ్గరైనా ఆగితే చెప్పండి, ఓ పది నిమిషాలు కూర్చుందాం.” ఆ పది నిమిషాలు నిజంగా ఇవ్వగలిగితేనే రాయాలి సుమా.

శైలజ: నేనెప్పుడూ “చూస్తాను” అంటాను. ఒకాయన దాన్ని ఒప్పుకోవడం కింద లెక్కేసి, మర్నాడు “అయిందా?” అని వచ్చి కూర్చున్నాడు!

వెంకటరమణ: అవును, “చూస్తాను” అంటే సగం మాట ఇచ్చినట్టే.

పద్మజ: మరి పాస్‌వర్డ్‌కి కూడా “ఇవ్వడం కుదరడం లేదు” అనొచ్చా?

వెంకటరమణ: వద్దు. ఇప్పుడు కుదరడం లేదంటే రేపు కుదురుతుందేమో అనుకుని మళ్ళీ అడుగుతాడు. అక్కడ తలుపు పూర్తిగా మూయాలి: “పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకూడదండి. మీకు ఏ ఫైలు కావాలో చెప్పండి, తీసి పంపిస్తాను.” “ఎవరికీ” అనడంతో అతన్ని ఒక్కణ్ణే అనుమానించినట్టు ఉండదు.

రఘు: “పైవాళ్ళు ఒద్దన్నారు” అంటే ఇంకా తేలిక కదా?

శైలజ: వాళ్ళు అనకపోతే? రేపు అతను వెళ్ళి వాళ్ళనే అడుగుతాడు.

కిరణ్: బాస్‌ని లీవు అడగడానికి కూడా ఇవే పనికొస్తాయా?

పద్మజ: కిరణ్ గారూ, అక్కడ అడిగేది మనమండీ! రమణ గారూ, లెక్కలావిడ మిగిలింది. “మీరే చూసుకోండి” అనొచ్చా?

వెంకటరమణ: “మీరే”లో ఆ దీర్ఘం, పైన “చూసుకోండి”, రెండూ కలిసి విసుగు చూపిస్తాయి. ఆ పని ఎవరిదో చెప్పండి చాలు: “అవి అకౌంట్స్ వాళ్ళు చూస్తారండి, వాళ్ళనడిగితే త్వరగా తేలుతుంది.”

రఘు: నాకైతే ఇదీ తప్పించుకోవడంలానే ఉంది. ఇంత చుట్టు తిప్పే కన్నా “కుదరదండి” అంటే పోలే?

శైలజ: రోజూ అడిగేవాళ్ళకి నేనూ అదే అంటాను. మొదటిసారి అడిగినవాళ్ళకి మాత్రం నోరు రాదు.