కిస్తీలు అయిపోయాయి, ఎన్‌ఓసీ మాత్రం ఇవ్వట్లేదు

రావులపాలెం: బైక్ లోన్ 24 కిస్తీలూ కట్టేశానండి. బాకీ లేదని ఇచ్చే ఎన్‌ఓసీ కోసం ఫైనాన్స్ ఆఫీసుకి మూడుసార్లు తిరిగాను. “సిస్టమ్‌లో ఇంకా క్లోజ్ అవ్వలేదు” అంటున్నారు. ఆర్సీ మీద వాళ్ల పేరు అలాగే ఉంది. బండి మా బావకి అమ్ముదామంటే అదే అడ్డం.

అమలాపురం: మా కారు తెలంగాణ నుంచి తెచ్చాం. ఎన్‌ఓసీకి ముందు చలాన్లన్నీ కట్టమన్నారు. అవి చూసుకోండి.

మండపేట: ఆ ఎన్‌ఓసీ రవాణా ఆఫీసుది, రాష్ట్రం మారితే కావాలి. ఈయనకి కావాల్సింది అప్పిచ్చినవాళ్లది. నేను ఫైనాన్స్ వసూళ్లలో పనిచేశాను. “క్లోజ్ అవ్వలేదు” అంటే చాలావరకు పాత బౌన్స్ ఛార్జీ మిగిలిందని. కిస్తీ తర్వాత కట్టేసినా అది అలాగే ఉండిపోతుంది. అకౌంట్ స్టేట్‌మెంట్ తీసుకుని కిస్తీలు కాదు, ఛార్జీలు చూడండి.

రావులపాలెం: నిజమేనండి. రెండు బౌన్సులు, జీఎస్టీతో 590 చొప్పున 1,180. మొదటిది నా తప్పే, ధాన్యం డబ్బులు లేటయ్యాయి. రెండోసారి మాత్రం ముందురోజే డబ్బు వేశాను, పాస్‌బుక్‌లో ఉంది.

పాలకొల్లు: పైసా కట్టకండి. ఆర్‌బీఐ రూల్ ప్రకారం 30 రోజులు దాటితే వాళ్లే రోజుకి 5,000 ఇవ్వాలి.

మండపేట: రూలుంది, 2023 డిసెంబర్ 1 నుంచి. కానీ ఆ 30 రోజుల లెక్క బాకీ మొత్తం తీరాకే మొదలవుతుంది. పైగా అది మన ఒరిజినల్ కాగితాలు తిరిగివ్వడం, రిజిస్ట్రీలో మన ఆస్తి మీద నమోదైన వాళ్ల హక్కు తీయించడం గురించి. బైక్ ఎన్‌ఓసీ ఆలస్యానికి డబ్బు వస్తుందని నేనైతే పందెం కాయను.

మీరు ఒప్పుకున్న 590 కట్టి రసీదు తీసుకోండి. రెండోదానికి పాస్‌బుక్ పేజీ జతచేసి లెటర్ పెట్టండి. అందులో లోన్ నంబర్, బండి నంబర్, చివరి కిస్తీ తేదీ రాసి, “ఈ ఛార్జీ రద్దుచేసి ఎన్‌ఓసీ ఇవ్వండి, ఆర్సీ మీద మీ పేరు తీయించే ఫారం 35 కూడా సంతకం, ముద్ర వేసి రెండు కాపీలు ఇవ్వండి” అని అడగండి. మీ కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోవాలి. నోటిమాటకి సాక్ష్యం ఉండదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా అన్యాయంగా ఉంటే cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టొచ్చు.

ఎన్‌ఓసీ చేతికొచ్చాక ఛాసిస్ నంబర్‌ని ఆర్సీతో ఒక్కో అక్షరం సరిచూడండి. ఒక్కటి తేడా ఉన్నా రవాణా ఆఫీసులో వెనక్కి పంపుతారు. దానిమీద గడువు రాసి ఉంటే ఆలోపే దరఖాస్తు చేయండి. ఇన్సూరెన్స్‌లోనూ వాళ్ల పేరు తీయించండి. లేకపోతే బండి పోయినప్పుడు క్లెయిమ్ దగ్గర మళ్లీ వాళ్ల కాగితమే అడుగుతారు.

రావులపాలెం: లెటర్ ఇచ్చానండి. ముద్ర వేయడానికి అరగంట నిలబెట్టారు. బావేమో ఆ 590 కూడా పారేసి వచ్చెయ్యమంటున్నాడు.

పాలకొల్లు: నేనైతే కట్టను.

నరసాపురం: మాకు అప్పిచ్చిన ఆఫీసే ఎత్తేశారు, బోర్డు కూడా లేదు. ఫారం 35 మీద సంతకం ఎవరిచేత పెట్టించాలి?