72 శాతం, 7.6 సీజీపీఏ: జాబితాలో ఎవరు ముందు?

అడిగినవారు, కర్నూలు:
మా కళాశాలలో ఒక అధ్యాపక పోస్టుకు దరఖాస్తులను మెరిట్ క్రమంలో పేర్చమన్నారు. ఒకరికి పాత పద్ధతిలో 72 శాతం, మరొకరికి అనంతపురం జేఎన్‌టీయూలో 7.6 సీజీపీఏ ఉన్నాయి. సీజీపీఏను పదితో హెచ్చవేస్తే 76 వస్తుంది కనుక రెండవవారిని పైన వేయాలా?

కడప నుంచి:
పదితో కాదండీ, 9.5తో హెచ్చవేయాలి. అప్పుడు 72.2 వస్తుంది. అయినా రెండవవారే ముందు.

అనంతపురం నుంచి, పరీక్షల విభాగంలో పనిచేసినవారు:
9.5 అనేది సీబీఎస్‌ఈ పదో తరగతికి పెట్టుకున్న లెక్క. దానిని ఇంజనీరింగ్ మెమోకు అతికించకూడదు. జేఎన్‌టీయూ అనంతపురం సూత్రం `(CGPA − 0.5) × 10`, అంటే ఇక్కడ 71 వస్తుంది, క్రమం తారుమారవుతుంది. ఆ అర ఎందుకంటే, ఒక సబ్జెక్టులో 70 నుంచి 79 వరకు ఎన్ని వచ్చినా 8 పాయింట్లే ఇస్తారు, 75 ఆ శ్రేణికి మధ్యన ఉంటుంది. అందుకే అది సగటు అంచనాయే తప్ప అసలు మార్కు కాదు. సమాన క్రెడిట్ల నాలుగు సబ్జెక్టుల్లో 70, 71, 72, 70 వచ్చినవారికీ, 78, 79, 77, 79 వచ్చినవారికీ 8.00 సీజీపీఏయే వస్తుంది; సూత్రం ఇద్దరికీ 75 శాతమే చూపుతుంది, నిజానికి ఒకరిది 70.75, మరొకరిది 78.25. కాబట్టి సూత్రం చూపిన 71కి, మొదటివారి 72కి మధ్య ఉన్న ఒక్క శాతం తేడాను నమ్మి ఎవరినీ వెనక్కి నెట్టలేం.

నంద్యాల నుంచి:
మా అబ్బాయి పదో తరగతి 9.2. విదేశీ విశ్వవిద్యాలయానికి దానిని నాలుగు పాయింట్ల స్కేలుకు మార్చాలా?

అనంతపురం నుంచి:
అది వేరే ప్రశ్న. దరఖాస్తులో మార్చి రాయమని అడగనంత వరకు మెమోలో ఉన్నదే రాయండి.

అడిగినవారు:
మరి ఇద్దరినీ ఒకే కొలతకు తెచ్చేదెలా?

అనంతపురం నుంచి:
రెండవవారి మెమోల్లో మార్కులుంటే మార్కులతోనే పోల్చండి. గ్రేడ్లు మాత్రమే ఉంటే మొదటివారి మెమో తెప్పించి, సబ్జెక్టువారీగా అదే పట్టిక ప్రకారం 60ల్లోని మార్కుకు 7, 70ల్లోని మార్కుకు 8 చొప్పున వేసి సగటు తీయండి. మొత్తం శాతాన్ని ఒక్కసారిగా మార్చకండి. పాత పద్ధతిలో క్రెడిట్లు లేవు కనుక సబ్జెక్టు గరిష్ఠ మార్కులనే భారంగా తీసుకోవచ్చు.

కడప నుంచి:
అలా తీసుకుంటే ల్యాబ్‌లకు ఎక్కువ బరువు పడదా? ల్యాబ్‌లలో మార్కులు ధారాళంగా వేస్తారు కదా.

అనంతపురం నుంచి:
పడుతుంది, మీ సందేహం సబబే. ల్యాబ్‌లను విడదీసి థియరీతో మాత్రమే రెండోసారి లెక్కించి చూడండి. రెండు లెక్కల్లోనూ ఒకరే పైన ఉంటే ఇబ్బంది లేదు. క్రమం మారితే మాత్రం, మీ నియామక ప్రకటనలో మార్పిడి పద్ధతి ముందుగా రాసి ఉందా అన్నది చూడాలి.

అడిగినవారు:
ప్రకటనలో "డిగ్రీ శాతం ఆధారంగా" అని మాత్రమే ఉంది. యాజమాన్యాన్ని అడిగి చెబుతాను.