మామయ్య ఫొటో ప్యాకెట్ మీద ఉంచాలా, తీసేయాలా?

కాశీబుగ్గ అబ్బాయి:
మాది పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ. సొంత బ్రాండ్ మీద పావుకిలో, అరకిలో ప్యాకెట్లు అమ్ముతాం. ముందువైపు మా మామయ్య ఫొటో ఉంటుంది, కంపెనీ పెట్టింది ఆయనే. పోయిన వారం కూలి పెంచమని అడిగిన ఆడవాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టి, పప్పు తట్ట విసిరేశారు. ఎవరో ఫోన్‌లో తీశారు, ఇప్పుడది వాట్సాప్‌లో ఊరూరా తిరుగుతోంది. దసరాకు కొత్త కవర్లు ఆర్డర్ పెట్టాలి. ఫొటో తీసేయమంటారా? తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టేనని మామయ్య అంటున్నారు.

రాజాం హోల్‌సేల్:
ఉంచేయండి బాబూ. నెల తిరిగేసరికి జనం ఇంకో వీడియో చూస్తారు. నా కొట్టుకొచ్చేవాళ్ళు గింజ తెల్లగా ఉందా, విరిగిందా అని చూస్తారు గానీ ఫొటోలో ఎవరున్నారో చూడరు. ఇప్పుడు తీసేస్తే, వీడియో చూడనివాళ్ళు కూడా ఏటయిందని అడుగుతారు.

ఆమదాలవలస మాస్టారు:
నేను ఒప్పుకోను. ఫొటో ఒక్కటే కాదు, పేరు కూడా మార్చాలి. సత్యం కంప్యూటర్స్ సంగతి గుర్తుందా? కంపెనీ లెక్కలు తప్పుడువని ఒప్పుకుంటూ ఛైర్మన్ రామలింగరాజుగారు రాసిన ఉత్తరం బయటపడగానే పేరు మహీంద్రా సత్యం అని మార్చారు, గట్టెక్కారు.

గరివిడి పాతకాపు:
మాస్టారూ, పేరు మారిన మాట నిజమే, కానీ వరుస అది కాదు. ఉత్తరం వచ్చింది 2009 జనవరి 7న. కొద్ది రోజుల్లోనే కేంద్ర ప్రభుత్వం పాత బోర్డును రద్దు చేసి కొత్తవాళ్ళను కూర్చోబెట్టింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా కొనుక్కుంది. పేరు మారింది ఆ తర్వాత, జూన్‌లో. అప్పటికి పెత్తనం చేతులు మారిపోయింది కాబట్టే కొత్త పేరును జనం నమ్మారు. రాజుగారినే కుర్చీలో ఉంచి బోర్డు మీద పేరు మార్చి ఉంటే ఎవరు నమ్మేవారు?

ఈ అబ్బాయి కేసుకు ఇంకా దగ్గరగా ఉన్నది అమెరికాలోని పాపా జాన్స్ పిజ్జా కంపెనీ కథ. పెట్టిన జాన్ ష్నాటర్ ముఖమే పెట్టె మీద, ప్రకటనల్లో ఉండేది. 2017 నవంబర్‌లో అమ్మకాలు తగ్గడానికి అక్కడి ఫుట్‌బాల్ లీగ్ పెద్దలే కారణమని నోరు జారాడు. గొడవయ్యాక సీఈఓ పదవి వదిలాడు గానీ ఛైర్మన్‌గా ఉండిపోయాడు. 2018 మేలో ప్రకటనల ఏజెన్సీతో ఫోన్‌లో మాట్లాడుతూ నల్లజాతివాళ్ళను కించపరిచే మాట వాడాడు. అసలు ఆ ఫోన్ పెట్టుకున్నదే ఇలాంటి గొడవలు రాకుండా ఆయనకు తర్ఫీదు ఇవ్వడానికి! జులైలో ఫోర్బ్స్ ఆ సంగతి రాయగానే ఛైర్మన్ పదవి కూడా పోయింది. కొద్ది రోజుల్లోనే ప్రకటనల్లోంచి ఆయన బొమ్మ తీసేస్తామని కంపెనీ చెప్పింది.

అంత తొందరగా తీసినా ఆ ఏడాది ఉత్తర అమెరికాలో పాత షాపుల అమ్మకాలు 7.3 శాతం పడిపోయాయి. నా లెక్కలో పెద్ద కారణం ఒకటే. ఆయన చేతిలో దాదాపు 30 శాతం వాటా ఉంది, బోర్డులో సీటు ఉంది. రాజీనామా చేయడమే పొరపాటయిందంటూ వెబ్‌సైట్ పెట్టి, కోర్టుకెక్కి, తన కంపెనీ మీదే యుద్ధం చేశాడు. గొడవ ఆరిపోకుండా రోజూ ఆయనే రాజేశాడు. 2019 మార్చిలో ఆయనతో రాజీ కుదిరి, బాస్కెట్‌బాల్ ఆటగాడిగా పేరున్న షకీల్ ఓనీల్ బోర్డులోకి వచ్చాకే కొంచెం సద్దుమణిగింది. మధ్యలో నలిగిపోయింది ఆ పేరుతో షాపులు నడుపుకునే, ఏ తప్పూ చేయని ఫ్రాంచైజీ వాళ్ళు. వాళ్ళను నిలబెట్టడానికి కంపెనీ వాళ్ళు కట్టే రాయల్టీ తగ్గించాల్సి వచ్చింది.

కాబట్టి అబ్బాయ్, ఫొటో సంగతి తర్వాత. ముందిది చెప్పు, మీ లైసెన్సులు ఎవరి పేరున ఉన్నాయి?

విజయనగరం పచ్చళ్ళు:
మాకూ ఇలాగే అయింది. ఒక బ్యాచ్ ఆవకాయకు బూజు పట్టింది, ఫేస్‌బుక్‌లో పెట్టేశారు. ఆ బ్యాచ్ సీసాలన్నీ వెనక్కి తెప్పించి డబ్బులు తిరిగిచ్చాం. రెండు నెలల్లో మామూలైపోయింది. మీరూ ఒక ఆఫర్ పెట్టండి, టెన్షన్ పడకండి.

గరివిడి పాతకాపు:
అమ్మా, మీది సరుకు తప్పు. బ్యాచ్ నంబర్ చూసి వెనక్కి తెప్పించగలిగారు. ఇక్కడ సరుకు బాగానే ఉంది. ఇలాంటప్పుడు ఆఫర్ పెడితే డబ్బుతో నోరు మూయిస్తున్నారంటారు. నేనైతే ఈ నెల ప్రకటనలన్నీ ఆపించేస్తాను.

కాశీబుగ్గ అబ్బాయి:
జీఎస్టీ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ట్రేడ్‌మార్క్ అన్నీ మామయ్య పేరునే, సొంత సంస్థ. ట్రేడ్‌మార్క్ కూడా ఫొటోతో సహా లేబుల్‌గా రిజిస్టర్ చేశాం.

టెక్కలి అమ్మాయి:
మా అమ్మ పొట్టు తీసే పనే చేస్తుంది, అందుకని అడుగుతున్నాను. పాపా జాన్స్ దాకా వెళ్ళారు, ఆ తట్ట ఎవరి ముందు పడిందో ఒక్కరూ అడగలేదు. వాళ్ళు మళ్ళీ పనిలోకి వచ్చారా? కిలోకి ఎంత పెంచమన్నారు, మీరేం జవాబిచ్చారు? అది తేలకపోతే రెండో వీడియో రేపో మాపో వస్తుంది. ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే క్షమించండి అని ఫేస్‌బుక్‌లో పెడితే మాత్రం మా వీధిలో నవ్వుతారు. నొచ్చుకున్నది ఎవరో ఆయనకు పేర్లతో సహా తెలుసు.

గరివిడి పాతకాపు:
ఈ అమ్మాయి చెప్పిందే మొదటి పని. ఆయన ఆ షెడ్డుకే వెళ్ళి వాళ్ళతో మాట్లాడాలి. వీడియో తీయకూడదు. కూలి సంగతి కాగితం మీద తేల్చాలి. ఎవరైనా పోలీసు ఫిర్యాదు ఇచ్చి ఉంటే మాత్రం ముందు లాయరును కలవండి.

ఇక పెత్తనం. సొంత సంస్థగా ఉన్నంతకాలం ఫొటో తీసినా చెక్కు మీద సంతకం ఆయనదే, ఫోనెత్తేదీ ఆయనే. కంపెనీగా మారిస్తే జీఎస్టీ, ఆహార లైసెన్సు కొత్తగా తీసుకోవాలి, ట్రేడ్‌మార్క్ కంపెనీకి రాసివ్వాలి. దసరాలోపు అయ్యే పని కాదు. కానీ డీలర్లతో, పనివాళ్ళతో మాట్లాడే బాధ్యత ఈ వారమే ఇంకొకరికి అప్పజెప్పొచ్చు.

ఫొటో తీసేయాలన్నదే నా మాట, అది ఈ రెండూ మొదలయ్యాకే. ఫొటో మీద స్టిక్కర్ మాత్రం అంటించకండి, చూసినవాడు ముందు దాన్నే గీకి చూస్తాడు. ఫొటో నాలుగు రంగుల్లో అచ్చవుతుంది కాబట్టి కవర్లు అచ్చేసే సిలిండర్లు, రంగుకొకటి చొప్పున నాలుగూ మళ్ళీ చేయించాలి, ఆ ఖర్చు లెక్కలో పెట్టుకోండి. ఫొటో లేని లేబుల్‌కు ట్రేడ్‌మార్కుల 29వ తరగతిలో కొత్త దరఖాస్తు వేయండి. పాతది రద్దు చేసుకోవద్దు.

రాజాం హోల్‌సేల్:
ఇంత ఖర్చు పెట్టాక అమ్మకాలు అసలు పడలేదని తేలితే?

గరివిడి పాతకాపు:
న్యాయమైన ప్రశ్న. అందుకే కామెంట్లు లెక్కపెట్టొద్దు. ఒక్కో కొట్టు మళ్ళీ ఎన్నాళ్ళకు ఆర్డర్ పెడుతోందో పోయిన ఏడాదితో పోల్చి చూడమనండి. పలాసలో ఆయన ముఖం చూసి కొనేవాళ్ళు నిజంగానే ఉండొచ్చు. విశాఖ సూపర్ మార్కెట్లలో లెక్క వేరుగా వస్తుందని నా అనుమానం.

ఆమదాలవలస మాస్టారు:
పేరు మార్చాలన్న మాట వెనక్కి తీసుకోను గానీ, వరుస విషయంలో మీరన్నది సరే.

కాశీబుగ్గ అబ్బాయి:
నిన్న రాత్రి ఇదంతా మామయ్యకు చదివి వినిపించాను. షెడ్డుకు వెళ్ళడానికి ఒప్పుకున్నారు. నలుగురు ఆడవాళ్ళు ఇంకా పనిలోకి రాలేదు, ముందు వాళ్ళ ఇళ్ళకు వెళ్ళమని అత్తయ్య అంటోంది. డీలర్ల ఫోన్లు మాత్రం నాకివ్వనంటున్నారు. ముప్ఫై ఏళ్ళ పరిచయాలు, నీకేం తెలుసు అంటారు. ఈ దసరాకు కొత్త సిలిండర్లు లేకుండా, ఫొటో లేని కవర్లు కొన్ని మాత్రం డిజిటల్ ప్రింటింగ్‌లో వేయించి విశాఖకు పంపుదామనుకుంటున్నాను.

టెక్కలి అమ్మాయి:
కూలి సంగతి మళ్ళీ చెప్పలేదు.

రాజాం హోల్‌సేల్:
నా గోడౌన్‌లో ఫొటో ఉన్న పెట్టెలే ఉన్నాయి. విశాఖకు కొత్తవి వెళ్తే ఇక్కడివాళ్ళు నన్నే అడుగుతారు. వాటిని వెనక్కి తీసుకుంటారా, లేదా? అది ముందు చెప్పండి.