మందుల యాప్‌లో 'వేసుకున్నాను' నొక్కాక మళ్ళీ అడగాలా, వద్దా?

వంశీ: పెద్దవాళ్ళ కోసం మందుల యాప్ చేస్తున్నాం. 'వేసుకున్నాను' బటన్ పొరపాటున తగిలితే ఎలా? 'నిజంగా వేసుకున్నారా?' అని ఇంకో పెట్టె తెరిచి అడగడమే మేలని నా ఉద్దేశం. మీరేమంటారు?

శారద: వద్దు. చేయి వణికేవాళ్ళు ఒకసారి నొక్కబోతే రెండుసార్లు తగులుతుంది. మొదటిదానికి మీ పెట్టె తెరుచుకుంటుంది. 'అవును' సరిగ్గా వేలి కిందకే వస్తే రెండోది దాని మీద పడుతుంది. అడిగిన సంగతే వాళ్ళకి తెలియదు. వణుకు లేనివాళ్ళు కూడా పూటపూటా అదే ప్రశ్న ఎదురైతే చదవడం మానేసి 'అవును' కొట్టేస్తారు. వెంటనే నమోదు చేయండి, మార్చుకునే దారి ఉంచండి.

గోదారోడు: బటన్ పెద్దది చేస్తే గొడవే లేదు. 48 డీపీ చాలని ఆండ్రాయిడ్ వాళ్ళే చెప్పారుగా.

శారద: అది అందరికీ కనీసం, సుమారు 9 మిల్లీమీటర్లు. వీళ్ళకి ఇంకా పెద్దది కావాలి, బటన్ల మధ్య ఎడమూ కావాలి. ఇంకోటి. ఆండ్రాయిడ్ 14లో అక్షరాలు రెండింతల దాకా పెంచుకోవచ్చు. మీరు బటన్ ఎత్తు బిగించేస్తే తెలుగులో ముందు తెగేది కింది ఒత్తులే. ఇంగ్లీషులో పరీక్షించి వదిలేసేవాళ్ళకి ఇది కనబడదు. ఎత్తు కాదు, కనీస ఎత్తు ఇవ్వండి:

```
android:layout_height="wrap_content"
android:minHeight="64dp"
```

వంశీ: సరే, అడుగున స్నాక్‌బార్‌లో 'రద్దు' పెడతాను.

శారద: అది మామూలుగా నాలుగు నుంచి పది సెకన్లుంటుంది. కళ్ళజోడు పెట్టుకునేలోపు పోతుంది. ఆ మందు పేరు కిందే 'ఉదయం 8:10కి వేసుకున్నారు' అని రాసి, పక్కన 'వేసుకోలేదు, మార్చు' అన్న బటన్ రోజంతా ఉంచండి. మధ్యాహ్నం చూసుకున్నా సరిదిద్దుకోవచ్చు.

వంశీ: చూసుకోకపోతే? బీపీ మాత్ర వేసుకోకుండానే వేసుకున్నట్టు ఉండిపోతుంది. నా పెట్టె ఆపేది దాన్నే.

శారద: ఇంకో వైపు కూడా చూడండి. ఒకావిడ మాత్ర వేసుకుని, 'వేసుకున్నాను' నొక్కి, మీ పెట్టె వచ్చింది చూడకుండా ఫోన్ పక్కన పెట్టేసింది. నమోదు కాలేదు. గంటకి మళ్ళీ మోగుతుంది, ఆవిడ ఇంకోటి వేసుకుంటుంది. షుగరు మాత్రల్లో కొన్నిటికి అది ప్రమాదం.

హైమ: మీరంతా బటన్ల గురించే మాట్లాడుతున్నారు. మా నాన్నగారు ఒక బ్యాంకు యాప్‌లో డబ్బు పంపుతుంటే చక్రం తిరుగుతూనే ఉంది. వెళ్ళలేదనుకుని మళ్ళీ పంపారు. రెండుసార్లూ వెళ్ళింది. అవతలివాడు తిరిగివ్వనన్నాడు. దీనికేమంటారు?

శారద: డబ్బు వేరు హైమ గారూ. వెళ్ళింది మన చేతిలో ఉండదు. అక్కడ ఎవరికి ఎంతో పెద్దక్షరాల్లో చూపించి అడగాల్సిందే. ఒకరికే అంతే మొత్తం వెంటనే మళ్ళీ పంపుతుంటే ఆ సంగతి చెప్పి ఆపాలి.

వంశీ: చూశారా, అడగాలని మీరే అన్నారు! అసలు వీళ్ళకి ఎంత చెప్పినా బుర్రకెక్కదు, అందుకే ప్రతిదానికీ అడ్డం పెట్టాలంటున్నా.

మాస్టారు: బాబూ, నాకు 74. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాను. బుర్రకెక్కకపోవడం కాదు. ఇలాంటి యాప్ ఒకటి నా ఫోన్‌లో మా కోడలు పెట్టింది. అరగంటలో నొక్కకపోతే డల్లాస్‌లో మావాడికి మెసేజ్ పోతుంది. వాడు కంగారుపడి ఫోన్ చేస్తాడు. అందుకని మోగగానే నొక్కేస్తాను. మాత్ర టిఫిన్ అయ్యాక తీరిగ్గా వేసుకుంటాను, ఒక్కోరోజు మర్చిపోతాను కూడా. నువ్వు పదిసార్లు అడిగినా 'అవును' అనే అంటాను.

గోదారోడు: 😄

శారద: నవ్వకండి. అసలు సంగతి ఇదే. ఆ లెక్క చూసి డాక్టరు, మాత్ర రోజూ వేసుకుంటున్నా బీపీ తగ్గలేదనుకుని డోసు పెంచవచ్చు. మాస్టారూ, 'టిఫిన్ తర్వాత వేసుకుంటా' అని ఇంకో బటన్ ఉంటే?

మాస్టారు: అదే నొక్కుతానమ్మా. మావాడికి మెసేజ్ పోనంతవరకు.

వంశీ: అది తీసేస్తే యాప్ ఎవరు కొంటారండీ? డబ్బులు కట్టేది పిల్లలే.

హైమ: నేనే కడుతున్నాను. నాకు తెలియాలి.

మాస్టారు: తెలియనీ. కానీ ఏం వెళ్తోందో ముందు నాకు చూపించాలి, పంపు అని నేనే నొక్కాలి.

హైమ: మీరు స్పృహ తప్పి పడిపోతే ఎవరు నొక్కుతారు మాస్టారూ?

వంశీ: రెండు పూటలు వరసగా తప్పితే మాత్రమే దానంతటదే వెళ్ళేలా పెడితే?

మాస్టారు: ఆ రెండు ఎవరు పెట్టాలి, నువ్వా నేనా?