ఫ్రెండ్‌కి డీఎస్సీ వచ్చింది, నాకు రాలేదు. ఏమని పలకరించాలి?

హన్మకొండ_పిల్ల
నేనూ నా ఫ్రెండూ ఏడాదిన్నర ఒకే రూమ్‌లో ఉండి ఎస్‌జీటీకి చదివాం. ఒక్కో పోస్టుకి ముగ్గురిని పిలిచే 1:3 లిస్టులో ఇద్దరి పేర్లూ వచ్చాయి, సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కి ఒకే ఆటోలో వెళ్లాం. దానికి వచ్చింది. నాకు 1.2 మార్కులతో పోయింది. నిన్న, అక్టోబర్ 9న, ఎల్బీ స్టేడియంలో నియామక పత్రం పట్టుకుని ఫోటో పంపింది. "కంగ్రాట్స్" అని కొట్టి మూడు పూలగుత్తుల ఎమోజీలు పెట్టాను. తర్వాత రెండుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు. ఇవాళ సద్దుల బతుకమ్మ. రాత్రికి ఇద్దరం ఒకే చెరువు గట్టు మీద ఉంటాం. సంతోషం లేక కాదు, ఉంది. నోరు తెరిస్తే గొంతులో ఇంకేదో వినబడుతుందని భయం. ఏమనాలి?

మార్కుల_మల్లన్న
1.2 అంటే పెద్ద తేడా కాదు చెల్లీ. ప్రశ్నకి అర మార్కు, అంటే రెండు మూడు ప్రశ్నలు. టెట్ మళ్లీ రాయి. వందలో 20 దానివే కాబట్టి అక్కడ పెంచుకుంటే వచ్చేసారి ఈజీగా దాటేస్తావు. నీ టెట్ మార్కులెన్ని?

హన్మకొండ_పిల్ల
అన్నా, నేనడిగింది అది కాదు. 😀 టెట్ సంగతి పండగ అయ్యాక.

తేటతెలుగు_సూరి
చాలామంది చేసే పొరపాటు ఒకటి చెప్తాను. సాధించినవాళ్లకి "శుభాకాంక్షలు" చెప్పకూడదు, అవి జరగబోయేదానికి. జరిగినదానికి "అభినందనలు". సరైన మాట వాడితే మనసులో ఉన్నది అదే తెలుస్తుంది.

చాక్‌పీసు_అక్క
సూరిగారూ, తేడా మీరన్నట్టే, కాదనను. కానీ ఏడాదిన్నర ఒకే కుక్కర్‌లో అన్నం తిన్న పిల్లకి వెళ్లి "అభినందనలు" అంటే, కూడలిలో ఫ్లెక్సీ చదివినట్టు ఉంటుంది.

అమ్మా హన్మకొండా, నేను అవతలి వైపు నుంచి చెప్తాను. 98 డీఎస్సీలో నాకు వచ్చింది, నాతో చదివినామెకి రాలేదు. ఆరోజు మా ఇంటికి చాలామంది వచ్చారు, అందరూ మంచి మాటలే అన్నారు. కొన్ని మాత్రం ఇప్పటికీ గుర్తున్నాయి. "మొత్తానికి కొట్టావు" అన్నారొకరు. ఆ "మొత్తానికి"లో, ఇన్నాళ్లూ నీ వల్ల కాదనుకున్నాం అని ఉంది. "నీకేమమ్మా, ఇంక సెటిల్" అన్నారు ఇంకొకరు. "నీకేం" అనగానే నేను పడ్డ కష్టం మాయమై, అదృష్టం ఒక్కటే మిగిలింది. "నీకు కూడా వచ్చిందా!" అన్నాయన పాపం ఆనందంతోనే అన్నాడు, కానీ ఆ "కూడా" గుచ్చుకుంది. "ఇంక మమ్మల్నేం గుర్తుపెట్టుకుంటావులే" అన్నవాళ్లని ఓదార్చే పని నా మీదే పడింది, నా పండగ రోజున.

నాతో చదివినామె మూడో రోజు వచ్చింది. గుమ్మంలోనే, "గణితం మెథడాలజీ రాదని పుస్తకం గోడకేసి కొట్టావే, ఆ చేత్తోనే ఆర్డర్ తీసుకున్నావా?" అంది. కంగ్రాట్స్ అనే మాటే వాడలేదు. నేను పడ్డ పాటు చూసింది ఆమె ఒక్కతే. అది గుర్తుచేసిందీ ఆమె ఒక్కతే. నువ్వూ ఆ రూమ్‌లో చూసింది ఒకటి తీసుకుని వెళ్లు, బయటివాళ్లు చెప్పలేనిది. తర్వాత నువ్వు మాట్లాడకు, అడుగు. ఫస్ట్ ఎవరికి చెప్పావు, అమ్మ ఏమంది, స్టేడియంలో ఎక్కడ కూర్చున్నావు. అడుగుతున్నంతసేపూ నీ గొంతు సంగతి నీకు గుర్తుండదు.

డాలస్_రూమ్మేట్
మా దగ్గర ఇది ఏటా మార్చిలో, హెచ్1బీ లాటరీ అప్పుడు. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఒకడికి తగులుతుంది, ఇద్దరికి తగలదు. మావాడికి మొదటిసారికే తగిలింది, నాకు అది మూడోసారి, ఓపీటీ అయిపోవస్తోంది. "నీది రాజయోగం రా" అని నవ్వుతూనే అన్నాను. ఆ వారమంతా వాడు ఇంట్లో దొంగలా తిరిగాడు, ఫోన్లో మాట్లాడాలంటే బయటికి వెళ్లేవాడు. వాడి ఆనందాన్ని దాచుకునేలా చేశానని తర్వాత తెలిసింది. అయితే అక్కా, లాటరీలో కష్టం ఏముంది గుర్తుచేయడానికి?

చాక్‌పీసు_అక్క
కష్టం లేకపోతే టెన్షన్ ఉంటుంది కదా తమ్ముడూ. "రిజల్ట్ వచ్చేదాకా పది నిమిషాలకోసారి మెయిల్ చూశావు, ఇవాళ నిద్రపో" అంటే చాలు.

గోదారి_గట్టు
నాదో డౌట్. మనసులో బాధ ఉన్నప్పుడు నవ్వుతూ నటించడం ఎందుకండీ? "నాకు రానందుకు బాధగా ఉంది, నీకు వచ్చినందుకు సంతోషంగా ఉంది" అని ఉన్నదున్నట్టు చెప్పేస్తే పోదా? దాపరికం లేనిదే స్నేహం.

చాక్‌పీసు_అక్క
చెప్పొచ్చు, కానీ మొదటి కలయికలో వద్దంటాను. అప్పుడు చెప్తే వినేవాళ్లకి సంతోషం ఆపుకోవాల్సి వస్తుంది.

గోదారి_గట్టు
నేనైతే దాచినదానికే ఎక్కువ బాధపడతాను. మా ఫ్రెండ్ నాలుగు నెలలు నవ్వుతూ మాట్లాడి, తర్వాత ఒకరోజు మొత్తం కక్కేసింది. ఆ నాలుగు నెలల నవ్వులన్నీ అబద్ధమే అనిపించాయి.

హన్మకొండ_పిల్ల
ఇద్దరు చెప్పిందీ నిజమే అనిపిస్తోంది. అసలు భయం ఇంకోటి ఉంది. అదే నాతో "నీక్కూడా వచ్చుంటే బాగుండు" అంటే ఏం చెప్పాలి? అక్కడే ఏడుస్తాను.

చాక్‌పీసు_అక్క
తప్పకుండా అంటుంది. "పర్లేదులే" అని మాత్రం అనకు, ఎవరూ నమ్మరు. "అవును, బాగుండేది. దాని గురించి ఇంకోరోజు కూర్చుందాం, ముందు ఆ కాగితం చూపించు" అను. గోదారి గారు అడిగిన నిజమూ అందులో వచ్చేస్తుంది. ఒకటి మర్చిపోయాను, ఫోన్ ఎత్తనిదానికి సాకులు చెప్పకు.

మార్కుల_మల్లన్న
పార్టీ ఎప్పుడని అడగకు చెల్లీ. మా ఫ్రెండ్స్ నన్ను అదే అడిగారు, ముప్పై మంది. మొదటి జీతం రాకముందే అప్పు చేశాను.

హన్మకొండ_పిల్ల
వెళ్లొచ్చాను. రాత్రి పదకొండైంది.

మలీద ముద్దలు డబ్బాలో పెట్టుకుని, చెరువు దగ్గర కాకుండా ముందే వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల నాయనమ్మ వాకిట్లో కూర్చుని దాన్ని ఎదురుగా నిలబెట్టుకుని, బుగ్గలు తడిమి మెటికలు విరుస్తోంది, ఊరి కళ్లన్నీ నా మనవరాలి మీదే అంటూ. నేను గుమ్మంలో ఆగిపోయాను. ఆ ఊరి కళ్లలో నావీ ఉన్నాయేమో అనిపించింది. అక్కా, మీరు చెప్పిన వాక్యాలేవీ గుర్తురాలేదు. "ఏం టీచరమ్మా, అలారం కొట్టకముందే లేచి లైట్ వేసి నన్ను తిట్టించుకున్నావు, ఇంక బడి పిల్లల్ని లేపు పో" అన్నాను. అది నవ్వింది, తర్వాత ఏడ్చింది. ఫోన్ ఎందుకెత్తలేదని అడిగింది. భయమేసిందని చెప్పాను.

మీరన్న మాట అన్నది అది కాదు, వాళ్లమ్మ. "నీక్కూడా వచ్చుంటే ఇద్దరూ ఒక్క బడికే పోయేవాళ్లు" అంది. నేను నోరు తెరిచేలోగా ఇదే "అమ్మా, ఆగు" అని లోపలికి లాక్కెళ్లింది. కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో చీరల మధ్య దాచింది. చూపించింది. పేరులో ఒక అక్షరం తప్పు పడినట్టుంది, ఇద్దరం టెన్త్ మెమో తీసి పక్కపక్కన పెట్టి చూశాం. పోస్టింగ్ ఇంకా రాలేదు కదా, ఈలోగా ఎవరిని కలవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

మార్కుల_మల్లన్న
డీఈఓ ఆఫీసుకి వెళ్లి దరఖాస్తు ఇవ్వండి, టెన్త్ మెమో జిరాక్స్ జతచేసి. ఇద్దరూ వెళ్తారా?

హన్మకొండ_పిల్ల
పండగ సెలవులైపోగానే. ఆటో నేనే మాట్లాడుతున్నా.