మంటలు లేచినప్పుడు మైకులో చదవవలసిన ప్రకటనను సరిచూడగలరా?

కర్నూలు బస్టాండు దగ్గర ఒక నాలుగంతస్తుల హోటల్లో నేను రాత్రి డ్యూటీ చూస్తాను. మొన్నటి మాక్ డ్రిల్‌లో రిసెప్షన్ అబ్బాయి “దయచేసి ఎవరూ ఆందోళన చెందవద్దు” అని మొదలుపెట్టి అర నిమిషానికి పైగా చదవగా, అలారం మోతలో “లిఫ్ట్” అన్న మాట ఒక్కటే చెవినపడిన మూడో అంతస్తువారు లిఫ్ట్ ముందే గుమిగూడారు. “వాడవద్దు” అన్నది వారికి వినబడనే లేదు. అందుకని ఆ మాటే తీసేసి, చేయవలసిన పనులు మాత్రమే వచ్చేలా ఇలా రాశాను:

“హోటల్లో మంటలు. వెంటనే బయటికి రండి. మెట్ల మీదుగా దిగండి. సామాను వదిలేయండి. గేటు బయట వేపచెట్టు దగ్గర నిలబడండి.”

అలారాన్ని కొన్ని క్షణాలు ఆపి దీన్ని రెండుసార్లు చదివించి, మంత్రాలయం యాత్రికులు మా దగ్గర ఎక్కువగా దిగుతారు కనుక వెంటనే కన్నడంలోనూ చదివించాలని ఉంది.

నాకు తేలనిది ఒకటుంది. మెట్లలో పొగ నిండితే పై అంతస్తులవారు గదిలోనే ఉండి, తలుపు కింది సందులో తడి తువ్వాలు కుక్కి, కిటికీ దగ్గర నుంచి సాయం కోసం పిలవాలి కదా. ఆ మాటను ఇందులోనే కలిపితే దిగగలిగినవారు కూడా ఆగిపోతారేమోనని భయంగా ఉంది. దాన్ని ప్రతి గది తలుపు లోపలివైపు అతికిస్తే సరిపోతుందా, లేక విడి ప్రకటనగా ఉంచుకోవాలా? అగ్నిమాపక శాఖలో పనిచేసినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.